మా జిల్లా మీదుగానే వెళ్లి, బెంగళూరు నుంచి తిరిగివచ్చిన కంటైనర్

చిత్తూరు దగ్గర మాకు ఒక చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. తోతాపురి కాయ జూన్‌లో జోరుగా దిగుతుంది కాబట్టి, యంత్రాలకు సంబంధించిన ఏ పనైనా మే నెల మధ్యకల్లా ముగియకపోతే ఆ సీజన్‌కు అది పనికిరాదు. 2022లో ఇటలీ నుంచి గుజ్జును క్రిమిరహితంగా సంచుల్లో నింపే ఒక ఫిల్లింగ్ యంత్రాన్ని తెప్పించాము. 2024లో అదే కంపెనీ నుంచి రెండో యంత్రాన్ని తెప్పించాము. రెండూ ఒక్కొక్క ఇరవై అడుగుల కంటైనర్‌లోనే వచ్చాయి, రెండూ చెన్నై రేవులోనే దిగాయి. మొదటిది మాత్రం బెంగళూరు శివారులోని కంటైనర్ డిపోలో కస్టమ్స్ అనుమతి పొంది మా ఫ్యాక్టరీకి చేరింది, రెండోది చెన్నైలోనే అనుమతి పొంది నేరుగా వచ్చింది. ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులు, ఎంత డబ్బు తేడా వచ్చిందో, ఆ తేడాలో డిపో పద్ధతి వల్ల వచ్చింది ఎంతో, నా పొరపాటు వల్ల వచ్చింది ఎంతో విడదీసి చెప్పాలని ఇది రాస్తున్నాను.

డ్రై పోర్ట్ అన్నా, ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో అన్నా సముద్రం లేని రేవు అని అర్థం చేసుకోవచ్చు. కస్టమ్స్ చట్టం కింద ప్రభుత్వం గుర్తించిన ఆ ఆవరణలో దిగుమతి సరుకుకు సుంకం కట్టి విడిపించుకోవచ్చు, ఎగుమతి సరుకుకు అక్కడే అనుమతి పొంది రైలెక్కించవచ్చు. మన దేశంలో మొట్టమొదటి డిపో 1981లో బెంగళూరులోనే మొదలైంది. ఓడ దిగిన చోట సుంకం కట్టనక్కర లేకుండా, సీలు వేసిన కంటైనర్‌ను అలాగే లోపలి ఊరికి తీసుకుపోయి అక్కడ తెరవడమే దీని సారాంశం. ఢిల్లీకో హైదరాబాద్‌కో ఇది ఎంత సదుపాయమో వేరే చెప్పనక్కర లేదు. చెన్నైకి సుమారు 155 కిలోమీటర్లు, బెంగళూరుకు సుమారు 180 కిలోమీటర్లు ఉన్న చిత్తూరుకు ఇది ఎంతవరకు పనికివస్తుందన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్న నేను మొదటిసారి వేసుకోలేదు.

యంత్రం ఆర్డర్ ఇచ్చినప్పుడు సరుకు రవాణా చూసిన ఫార్వర్డర్ నాకు ఫోన్ చేసి, "సార్, చెన్నైలో రద్దీ ఎక్కువ, అక్కడ సీఎఫ్‌ఎస్ ఖర్చులు కూడా ఎక్కువ. బెంగళూరు డిపోకు వేసుకుంటే ఆఫీసర్ల దగ్గర పని తొందరగా అయిపోతుంది, మీకు దూరం కూడా దాదాపు సమానమే కదా" అన్నాడు. సీఎఫ్‌ఎస్ అంటే రేవు బయట ఉండే కంటైనర్ గోదాము, రేవు టెర్మినల్‌లో చోటు చాలదు కాబట్టి కంటైనర్లను అక్కడికి తరలించి తనిఖీ చేస్తారు. ఆయన మాట నాకు సబబుగానే తోచింది. సరే అన్నాను. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రవాణా పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో దించే రేవు చెన్నై అనీ, సరుకు అప్పగించే చోటు బెంగళూరు డిపో అనీ నమోదైంది. తర్వాత జరిగినదంతా ఆ ఒక్క గడిలో పడిన పేరు వల్లనే జరిగింది.

ఓడ చెన్నై చేరిన రోజును ఒకటో రోజుగా లెక్కపెడతాను. రెండో రోజు కంటైనర్ ఓడ నుంచి దిగింది. ఓడ కంపెనీ కస్టమ్స్‌కు సమర్పించే సరుకు జాబితాలో ప్రతి కంటైనర్‌కు అది స్థానిక సరుకా, లోపలి డిపోకు పోయే సరుకా అన్న గుర్తు ఉంటుంది. స్థానికమైతే LC అనీ, డిపోకు పోయేదైతే TI అనీ చూపిస్తారు. మాది TI. అలాంటి కంటైనర్ రేవు దాటాలంటే చెన్నై కస్టమ్స్ నుంచి ట్రాన్స్‌షిప్‌మెంట్ పర్మిట్ రావాలి. సుంకం కట్టని సరుకు దారిలో మాయం కాకుండా రవాణా చేసేవారు బాండు ఇచ్చి పూచీ పడతారు. ఆ పర్మిట్ మూడో రోజుకే వచ్చింది. ఇంతవరకు ఎక్కడా ఆలస్యం లేదు.

ఆ తర్వాత కంటైనర్ అయిదు రోజులు రేవులోనే ఉండిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కంటైనర్ రైలు బస్సులాగా వేళకు బయలుదేరేది కాదు. ఒక పూర్తి రేక్‌కు 45 బల్లబండ్లు ఉంటాయి, ఒక్కో బండిపై ఇరవై అడుగుల కంటైనర్లు రెండేసి చొప్పున 90 పడతాయి. ఆ దిక్కుకు పోయే కంటైనర్లు తగినన్ని పోగుపడాలి, రేక్ ఖాళీగా దొరకాలి, దారి దొరకాలి. ఒకే ఒక్క కంటైనర్ ఉన్న నాలాంటివాడు తక్కిన ఎనభై తొమ్మిదింటి కోసం వేచి ఉండవలసిందే. రద్దీ ఎక్కువగా ఉండే దూరపు మార్గాల్లో ఈ నిరీక్షణ ఒకటి రెండు రోజులతో సరిపోవచ్చు, పైగా దూరం ఎక్కువైనప్పుడు రైలు ఆదా చేసే డబ్బు ముందు ఆ రెండు రోజులు లెక్కలోకి రావు. రైలు ప్రయాణమే ఒక్క రాత్రి అయినప్పుడు, ఆ ఒక్క రాత్రి కోసం అయిదు రోజులు కాచుకోవడం మొత్తం లెక్కనే మార్చేస్తుంది.

అయిదో రోజున నాకు ఆందోళన మొదలై, కంటైనర్ ఇంకా చెన్నైలోనే ఉంది కదా, అక్కడే సుంకం కట్టి లారీలో తెచ్చుకోలేమా అని సీహెచ్‌ఏని అడిగాను. కస్టమ్స్ పనులు చూసే బ్రోకర్‌ను మా దగ్గర అందరూ ఇప్పటికీ సీహెచ్‌ఏ అనే పిలుస్తారు. ఆయన ఓపికగా వివరించాడు. ఓడ కంపెనీ తన సరుకు జాబితాలో సవరణకు దరఖాస్తు చేయాలి, బిల్ ఆఫ్ లేడింగ్‌లో అప్పగించే చోటు మార్చడానికి ఇటలీలోని అమ్మకందారు ఒప్పుకోవాలి, అప్పటికే వచ్చిన పర్మిట్‌ను రద్దు చేయించాలి, ఇవన్నీ అయ్యేసరికి రైలు ఎలాగూ బయలుదేరుతుంది. ఆ ఆలోచన అక్కడితో మానుకున్నాను. ఎనిమిదో రోజు రాత్రి పొద్దుపోయాక ఆయనే ఫోన్ చేసి, "బండి ఇప్పుడే కాట్పాడి దాటిందంట సార్" అని చెప్పాడు.

కాట్పాడి మా చిత్తూరుకు 35 కిలోమీటర్లు. చెన్నై నుంచి బెంగళూరు పోయే రైలు మార్గం అరక్కోణం, కాట్పాడి, జోలార్‌పేట మీదుగా సాగి, మా ఉమ్మడి జిల్లాలోని కుప్పం స్టేషన్‌ను తాకి కర్ణాటకలోకి ప్రవేశిస్తుంది. నా యంత్రం ఆ రాత్రి మా ఊరికి కూతవేటు దూరంలో దాటిపోయి, మా జిల్లా నేల మీదుగా పోయి, బెంగళూరు చేరి, అక్కడి నుంచి 180 కిలోమీటర్లు లారీ మీద వెనక్కి రావాలన్నమాట. సీలు వేసిన కంటైనర్‌ను దారిలో దించుకునే అవకాశం చట్టంలో లేదు, ఉండకూడదు కూడా. పటం ముందు పెట్టుకుని చూసి ఉంటే ఆర్డర్ రోజునే ఈ విషయం తెలిసేది.

తొమ్మిదో రోజు ఉదయం కంటైనర్ డిపో చేరింది. ఇక్కడి నుంచి జరిగిన ఆలస్యంలో నా బాధ్యత ఉంది. సుంకం లెక్కకు ఆధారమైన బిల్ ఆఫ్ ఎంట్రీని సరుకు రావడానికి 30 రోజుల ముందు నుంచే దాఖలు చేయవచ్చు. గడువు దాటితే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000 రూపాయలు, ఆ పైన రోజుకు 10,000 రూపాయలు అపరాధ రుసుము పడుతుంది. డిపో సరుకుకు రాక అంటే డిపోకు చేరడమే కాబట్టి మాకు గడువు మిగిలే ఉంది, ఆ ధీమాతోనే రైలు కదిలిన ఎనిమిదో రోజు దాకా మేము దాఖలు చేయలేదు. పదో రోజున అసెస్‌మెంట్ అధికారి నుంచి ప్రశ్న వచ్చింది. యంత్రంతోపాటు వచ్చిన నియంత్రణ పెట్టెనూ, గొట్టాలనూ ఇన్‌వాయిస్‌లో వేరే పద్దులుగా చూపించారు, అవి యంత్రంలో భాగమా, విడి సరుకా తేల్చడానికి కేటలాగు, సాంకేతిక వివరణ కావాలని అడిగారు. వాటిని కస్టమ్స్‌కు ఆన్‌లైన్‌లో పత్రాలు సమర్పించే ఈ-సంచిత్‌లో పెట్టి జవాబిచ్చి, సుంకం కట్టేసరికి పన్నెండో రోజు అయింది. పదమూడో రోజు తనిఖీ జరిగింది. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉన్న సీలు నంబరూ కంటైనర్ తలుపు మీది సీలు నంబరూ సరిపోయాయో లేదో మొదట చూశారు, తర్వాత తెరిచి యంత్రం సీరియల్ నంబరు చూశారు. పద్నాలుగో రోజు అవుట్ ఆఫ్ ఛార్జ్, అంటే సరుకు బయటకు తీసుకుపోవచ్చన్న ఉత్తర్వు వచ్చింది. పదిహేనో రోజు తెల్లవారుజామున ట్రెయిలర్ మా గేటు ముందు ఆగింది.

ఆ ప్రశ్న అడిగిన అధికారి బెంగళూరులో ఉన్నవాడు కాదని తర్వాత తెలిసింది. ఫార్వర్డర్ చెప్పిన "ఆఫీసర్ల దగ్గర పని తొందరగా" అన్న మాట ఒకప్పుడు నిజమై ఉండవచ్చు. 2020 జూన్ 8న ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ మొదలైనప్పుడు మొదటి విడతలో చేర్చింది బెంగళూరు, చెన్నై జోన్లనే, అందులోనూ కస్టమ్స్ సుంకాల పట్టికలో యంత్రాలూ విద్యుత్ పరికరాలూ ఉండే 84, 85 అధ్యాయాల సరుకునే. ఆ ఏడాది అక్టోబరు చివరికి అది దేశమంతటికీ విస్తరించింది. అప్పటి నుంచి కంటైనర్ ఏ ఊళ్లో ఉన్నా దాని కాగితాలను వేరే ఊళ్లోని అధికారి చూడవచ్చు. భౌతిక తనిఖీ, అవుట్ ఆఫ్ ఛార్జ్ మాత్రమే స్థానికంగా మిగిలాయి. అందులోనూ రిస్క్ మేనేజ్‌మెంట్ వ్యవస్థ తనిఖీ అక్కర లేదని తేలిస్తే ఆ భాగం కూడా తగ్గిపోతుంది. అందుచేత అధికారుల వేగాన్ని బట్టి డిపోను ఎంచుకోవాలనే సలహాకు మా యంత్రం విషయంలో ఆధారం లేదు.

రెండోసారి, 2024లో, ఆర్డర్ పత్రంలోనే అప్పగించే చోటు చెన్నై రేవు అని రాయించాను. బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ రావడానికి ఆరు రోజుల ముందు దాఖలు చేశాము. పోర్టు కోడ్ INMAA1 అని ఉందో లేదో నేనే తెర మీద సరిచూశాను. ఈ కోడ్ చివర 1 ఉంటే సముద్ర రేవు, 4 ఉంటే విమానాశ్రయం, 6 ఉంటే లోపలి డిపో. తప్పు కోడ్‌తో దాఖలు చేసిన బిల్లును మరో చోటికి మార్చడం కుదరదు, రద్దు చేసి మళ్లీ వేయాలి. కేటలాగూ వివరణా ముందే ఈ-సంచిత్‌లో పెట్టి, గొట్టాలనూ నియంత్రణ పెట్టెనూ యంత్రంలో భాగంగానే ఇన్‌వాయిస్‌లో చూపించమని అమ్మకందారును కోరడంతో ప్రశ్నలేవీ రాలేదు. ఈసారి తనిఖీ అక్కర లేదని వ్యవస్థ తేల్చింది. ఓడ చేరిన రోజునే సుంకం కట్టాము, రెండో రోజు కంటైనర్ దిగింది, అవుట్ ఆఫ్ ఛార్జ్ కూడా వచ్చింది. సీఎఫ్‌ఎస్‌కు పోకుండా టెర్మినల్ నుంచే సరుకు తీసుకునే డైరెక్ట్ పోర్ట్ డెలివరీకి సీహెచ్‌ఏ ఏర్పాటు చేసి ఉంచాడు కాబట్టి మూడో రోజు రాత్రి ట్రెయిలర్ బయలుదేరి నాలుగో రోజు ఉదయం చిత్తూరు చేరింది.

పదిహేను రోజులకు బదులు నాలుగు రోజులు. ఈ పదకొండు రోజుల తేడానంతా డిపో ఖాతాలో వేయడం న్యాయం కాదు. మొదటిసారి కూడా బిల్లు ముందే వేసి, ప్రశ్నకు తావు లేకుండా కాగితాలు పెట్టి ఉంటే నాలుగు రోజులు తగ్గేవి, ఎందుకంటే ముందస్తు బిల్లు డిపోకు కూడా వేయవచ్చు. మిగిలిన ఏడు రోజులు మాత్రం ఎంత జాగ్రత్తపడ్డా తగ్గేవి కావు, అవి రైలు కోసం కాచుకోవడంలోనూ, మా ఊరు దాటిపోయి తిరిగి రావడంలోనూ కరిగిపోయాయి. ఇటలీ నుంచి యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజినీరు ఆ రోజుల్లో ఎక్కువ భాగం తిరుపతి హోటల్లో కూర్చున్నాడు.

ఇక డబ్బు లెక్క. ఓడ కంపెనీ ఛార్జీలూ సీహెచ్‌ఏ రుసుమూ రెండుసార్లూ ఇంచుమించు ఒకటే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. మొదటిసారి చెన్నై నుంచి డిపోకు రైలు భాగం 28,000 రూపాయలు, డిపోలో దించి ఎత్తి తనిఖీకి పెట్టినందుకు 9,500, ట్రెయిలర్‌కు 36,000 అయ్యాయి. కంటైనర్‌కు ఓడ కంపెనీ ఇచ్చిన ఉచిత గడువు 14 రోజులే. అది డిపో చేరిన రోజు నుంచి మొదలవుతుందని నేననుకున్నాను, మా ఒప్పందంలో మాత్రం చెన్నైలో ఓడ దిగిన రోజు నుంచే అని ఉంది. రైలు కోసం కాచుకున్న రోజులన్నీ అందులోనే ఖర్చయిపోయాయి. ఖాళీ కంటైనర్‌ను పద్దెనిమిదో రోజున బెంగళూరు యార్డులో అప్పగించేసరికి గడువు మించి పెట్టెను ఉంచుకున్నందుకు వేసే డిటెన్షన్ మూడు రోజులకు, రోజుకు 2,500 చొప్పున 7,500 పడింది.

మరొక చిన్న పద్దు ఉంది, మొత్తం చిన్నదే కానీ దాని గురించి అడిగినవారిలో తెలిసినవారు నాకు తక్కువగా కనిపించారు. సుంకం వేసే విలువలో ఓడ కిరాయి కలుస్తుంది. కానీ సముద్రం మీద వచ్చి మరో కస్టమ్స్ స్టేషన్‌కు తరలే సరుకు విషయంలో, ఆ లోపలి తరలింపుకయ్యే రవాణా, బీమా, ఎత్తిదించే ఖర్చులను విలువ నుంచి మినహాయించాలని 2007 నాటి కస్టమ్స్ వాల్యుయేషన్ నియమాలు చెబుతున్నాయి. మినహాయించాలంటే ఆ మొత్తం ఎంతో విడిగా కనిపించాలి. మా ఫార్వర్డర్ ఇటలీ నుంచి బెంగళూరు దాకా ఒకే మొత్తంగా కిరాయి బిల్లు ఇచ్చాడు. ఆ 28,000 కూడా విలువలో కలిసిపోయింది. అప్పట్లో మా యంత్రానికి మౌలిక సుంకం ఏడున్నర శాతం, ఆ సుంకంపై పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, వెరసి 8.25 శాతం. ఆ లెక్కన 2,310 రూపాయలు తిరిగిరాని సుంకంగా పోయాయి. ఐజీఎస్‌టీ మాత్రం తర్వాత క్రెడిట్‌గా తిరిగి వచ్చింది.

అన్నీ కూడితే మొదటిసారి 83,310 రూపాయలు అయ్యాయి. రెండోసారి ట్రెయిలర్‌కు 34,000, టెర్మినల్‌లో నేరుగా తీసుకున్నందుకు 4,000, మొత్తం 38,000 అయింది. ఒకవేళ తనిఖీ పడి సీఎఫ్‌ఎస్‌కు తరలించవలసి వస్తే ఇంకో 14,000 దాకా అవుతుందని సీహెచ్‌ఏ ముందే అంచనా రాసి ఇచ్చాడు. అది కలుపుకున్నా మొదటిసారికంటే తక్కువే. మధ్యలో రెండేళ్లు గడిచి కిరాయిలు మారాయి కాబట్టి ఇవి తూచినట్టు పోల్చదగిన అంకెలు కావు, కానీ తేడా ఏ వైపు ఉందో చెప్పడానికి ఇవి చాలు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది ఖాళీ కంటైనర్ సంగతి. ట్రెయిలర్ కిరాయి మనం సరుకు తెచ్చుకున్న దూరానికి కాదు, ఖాళీ పెట్టెను ఓడ కంపెనీ చెప్పిన యార్డులో తిరిగి అప్పగించేదాకా ఉన్న రానుపోను దూరానికి. బెంగళూరులో విడిపిస్తే ఖాళీ బెంగళూరుకే పోవాలి, చెన్నైలో విడిపిస్తే చెన్నైకే పోవాలి. రైలు ప్రయాణం ఈ రానుపోనులో ఒక్క కిలోమీటరు కూడా నాకు తగ్గించలేదు, పైపెచ్చు 50 కిలోమీటర్లు కలిపింది. డిపో వల్ల లాభం కలగాలంటే రేవు నుంచి ఫ్యాక్టరీకి ఉన్న రోడ్డు దూరం కంటే డిపో నుంచి ఫ్యాక్టరీకి ఉన్న దూరం బాగా తక్కువగా ఉండాలి, ఆ తగ్గిన దూరానికి రెట్టింపు లారీ కిరాయి రైలు కిరాయినీ డిపో ఖర్చులనూ మించాలి.

ఈ లెక్క మా జిల్లాలోనే రెండు రకాలుగా తేలుతుంది. కుప్పంలో గ్రానైట్ పలకలు కోసి ఎగుమతి చేసే ఒక మిత్రుడు నా అనుభవం విని, "అయితే నేనూ బెంగళూరు డిపో మానుకోవాల్నా అన్నా?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని ఆయన లెక్క వేశాము. ఆయన ఫ్యాక్టరీ నుంచి బెంగళూరు డిపో వంద కిలోమీటర్ల పైచిలుకు, చెన్నై రేవు దానికి రెట్టింపు కంటే ఎక్కువ. గ్రానైట్ కంటైనర్ బరువు పాతిక టన్నులు దాటుతుంది కాబట్టి ప్రతి కిలోమీటరుకూ లారీవాళ్లు అడిగే కిరాయి ఎక్కువ. ఖాళీ పెట్టెలు ఆయనకు బెంగళూరు యార్డుల్లోనే దొరుకుతాయి. ఫ్యాక్టరీలోనే నింపి ఈ-సీలు వేసి పంపితే డిపోలో ఎగుమతి ఉత్తర్వు వస్తుంది, ఆ తర్వాత రైలు ఆలస్యమైనా ఆయనకు సీజన్ దాటిపోయే భయం లేదు, ఓడ కటాఫ్‌కు ఒక వారం ముందు పంపుకుంటే సరిపోతుంది. ఆయన మానుకోనక్కర లేదని తేలింది. ఆయన పెట్టెలు కూడా కుప్పం స్టేషన్ మీదుగానే చెన్నైకి పోతాయి, అయినా ఆయన లెక్క ఆయనకు సరిపోతుంది.

ఈ ఏడాది మూడో యంత్రానికి కొటేషన్ అడిగినప్పుడు రెండు వాక్యాలు ముందే రాసి పంపాను. అప్పగించే చోటు చెన్నై రేవు మాత్రమే కావాలనీ, ఎప్పుడైనా లోపలి డిపోకు మార్చవలసి వస్తే సముద్రపు కిరాయినీ లోపలి రవాణా కిరాయినీ రెండు వేర్వేరు పద్దులుగా చూపించాలనీ అందులో ఉంది. కంటైనర్ ఉచిత గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా చెప్పమని ఓడ కంపెనీ ఏజెంటును కూడా అడిగాను. దాని జవాబు వచ్చాకే ఆర్డర్ ఖాయం చేస్తాను.